తేడా తేలని ప్రయోగం ఏం చెబుతుంది?

ఒక మందునో, ఒక చికిత్సనో రెండు గుంపుల మీద పరీక్షించి చూసినప్పుడు వాటి మధ్య నమ్మదగ్గ తేడా బయటపడకపోతే దాన్ని శూన్య ఫలితం అంటారు. పరిశోధన పత్రంలో ఈ సంగతి ముఖ్యంగా రెండు చోట్ల పాఠకుడి చేతికి అందుతుంది. మొదటిది పత్రం తలపై ఉండే సారాంశం. ఎక్కువ మంది చదివేది దాన్నే. రెండోది చివర్లో వచ్చే చర్చ. ఫలితానికి అర్థం చెప్పేది అక్కడే. ఈ రెండు చోట్లా శూన్య ఫలితాన్ని రాయడంలో మూడు దారులున్నాయి. ‘అనుకున్నది జరగలేదు’ అని ఓటమిలా రాయడం ఒకటి. ఎక్కడో కనబడిన చిన్న మెరుగును ముందుకు తెచ్చి గెలుపులా చూపించడం ఇంకొకటి. ఈ ఫలితంతో ఏ ఆశకు తావు లేకుండా పోయింది, దేనికి ఇంకా తావుంది అన్నది లెక్క కట్టి చెప్పడం మూడోది. మూడో దారిలో అంకెలు ఏమీ మారవు. వాటిని ఏ ప్రశ్నకు జవాబుగా నిలబెట్టారన్నదే మారుతుంది.

ఈ మూడో దారి ఎలా ఉంటుందో చూడటానికి మన దేశంలోనే జరిగిన ఒక ప్రయోగం బాగా పనికొస్తుంది. 2020లో కోవిడ్ మొదటి ఉధృతి సమయంలో, కోలుకున్నవారి రక్తం నుంచి తీసిన ప్లాస్మాను రోగులకు ఎక్కించడం దేశమంతటా వ్యాపించింది. దాతలు ముందుకు రావాలని విజ్ఞప్తులు వెల్లువెత్తాయి. హైదరాబాద్‌లో సైబరాబాద్ పోలీసులు ప్లాస్మా దాతల కోసం ప్రత్యేకంగా ప్రచారం నడిపారు. అయితే ఆ చికిత్సతో ప్రాణాలు నిలుస్తున్నాయా లేదా అన్నది అప్పటికి ఎవరికీ రూఢిగా తెలియదు. అది తేల్చడానికి భారత వైద్య పరిశోధన మండలి ‘ప్లాసిడ్’ అనే ప్రయోగం చేపట్టింది. దేశంలోని 39 ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో 464 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీశారు. 235 మందికి మామూలు చికిత్సతో పాటు 200 మిల్లీలీటర్ల చొప్పున రెండుసార్లు ప్లాస్మా ఎక్కించారు. మిగతా 229 మందికి మామూలు చికిత్స మాత్రమే ఇచ్చారు. 28 రోజుల్లోపు జబ్బు తీవ్రం కావడం లేదా మరణించడం, ఈ రెండింటినీ కలిపి ప్రధాన ఫలితంగా ముందే నిర్ణయించుకున్నారు.

ప్లాస్మా తీసుకున్నవారిలో 44 మందికి, అంటే 19 శాతానికి, అలా జరిగింది. తీసుకోనివారిలో 41 మందికి, అంటే 18 శాతానికి జరిగింది. ప్లాస్మా వల్ల మేలు జరిగినట్టు కనబడలేదు. 2020 అక్టోబరులో ఈ పత్రం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

ఫలితానికి విలువ ఎక్కడినుంచి వస్తుంది

శూన్య ఫలితానికి ఉండే విలువ సారాంశంలోని మొదటి వాక్యంలోనే సగం తేలిపోతుంది. ‘ప్లాస్మా కోవిడ్ రోగులకు ఆశాజనకమైన చికిత్స, దాని సామర్థ్యాన్ని నిరూపించడానికి ఈ ప్రయోగం చేశాం’ అని మొదలుపెడితే, ఆ తర్వాత వచ్చే 19, 18 శాతాలు ఓటమిగా తప్ప మరో రకంగా కనబడవు. నిరూపిస్తామన్నారు, నిరూపించలేకపోయారు, అంతే. అదే వాక్యాన్ని ‘ప్లాస్మాను విస్తృతంగా వాడుతున్నారు, మేలు చేస్తుందో లేదో తేల్చే ఆధారం లేదు’ అని మొదలుపెడితే జవాబు ఎటు వచ్చినా పాఠకుడికి పనికొస్తుంది. రెండో వాక్యం ఫలితం వచ్చాక కల్పించుకున్న సాకు కాదు. ప్రయోగం మొదలుపెట్టే నాటికి ఉన్న నిజమైన స్థితి అదే. అసలు ఆ సందేహం నిజంగా ఉంటేనే రోగులను లాటరీ పద్ధతిలో విడదీయడం న్యాయమవుతుంది. కాబట్టి శూన్య ఫలితాన్ని సరిగ్గా రాయడమంటే ముందుగా అప్పటి సందేహాన్ని ఉన్నదున్నట్టు తిరిగి నిలబెట్టడం.

ప్లాసిడ్ పత్రం శీర్షిక కూడా ఇదే పద్ధతిలో ఉంది. ఏ చికిత్స, ఏ స్థాయి రోగులు, ఏ దేశం, ఎలాంటి ప్రయోగం అన్నవే అందులో ఉన్నాయి. గెలుపు మాటా లేదు, ఓటమి మాటా లేదు.

పి-విలువ చెప్పనిది, అవధి చెప్పేది

ఫలితాల వాక్యం దగ్గరకు వచ్చేసరికి చాలామంది ‘రెండు గుంపుల మధ్య గణాంకపరంగా గుర్తించదగ్గ తేడా లేదు’ అని రాసి, పక్కన పి-విలువ చేర్చి ఊరుకుంటారు. శూన్య ఫలితాన్ని ఉత్తి చేతులుగా చూపించేది ఈ వాక్యమే. తేడా నిజంగానే లేదా, లేక ఉన్నా పట్టుకోలేనంత చిన్న ప్రయోగమా అన్నది ఇందులోంచి తెలియదు. డగ్లస్ ఆల్ట్‌మన్, మార్టిన్ బ్లాండ్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1995లోనే ఈ చిక్కును బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎత్తి చూపారు. ఆధారం దొరకకపోవడం వేరు, లేదనడానికి ఆధారం దొరకడం వేరు అన్నది వారి వాదన.

ఈ రెండింటినీ విడదీసి చూపేది కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో చెప్పే అవధి. ప్లాసిడ్‌లో రెండు గుంపుల తేడా 0.8 శాతం పాయింట్లు. ప్లాస్మా గుంపులోనే కొంచెం ఎక్కువ మందికి జబ్బు ముదిరింది. దాని 95 శాతం అవధి ఒకవైపు 6.2 పాయింట్ల మేలు నుంచి మరోవైపు 7.8 పాయింట్ల కీడు వరకు ఉంది. అంటే ప్లాస్మా వల్ల నూటికి ఆరుగురు గట్టెక్కుతున్నారన్నా ఈ లెక్క కాదనలేదు. నూటికి ఏడుగురు నష్టపోతున్నారన్నా కాదనలేదు. మరి ఈ ఫలితం కాదనగలిగింది ఏమిటి?

జవాబు ప్రయోగం ప్రణాళికలోనే ఉంది. మామూలు చికిత్సలో 18 శాతం మందికి జబ్బు ముదురుతుందని, ప్లాస్మా దాన్ని సగానికి, అంటే 9 శాతానికి తగ్గించగలదని అనుకుని, అంత తేడాను పట్టుకోవడానికి 452 మంది కావాలని ముందే లెక్క కట్టారు. వెతికింది 9 పాయింట్ల మేలు కోసం. వచ్చిన అవధిలో మేలు వైపు అంచు 6.2 దగ్గరే ఆగిపోయింది. అంటే ప్లాస్మా ముప్పును సగానికి సగం తగ్గిస్తుందన్న ఆశ ఈ అంకెలతో పొసగదు. అంతకన్నా చిన్న మేలు ఉంటే ఉండవచ్చు.

శూన్య ఫలితాన్ని సమాచారంగా మార్చే కీలకమైన అడుగు ఇదే. అవధి అంచును తీసుకొచ్చి, ఎంత తేడా ఉంటే లెక్కలోకి తీసుకోవాలని ముందు అనుకున్నారో దాని పక్కన పెట్టాలి. అంచు ఆ గీతకు ఇవతలే ఆగిపోతే ‘అంత మేలు లేదు’ అని ధైర్యంగా రాయవచ్చు. అంచు ఆ గీత దాటిపోతే ప్రయోగం ఏమీ తేల్చలేదు, అలాగే రాయాలి. ఉదాహరణకు ఇదే ప్రయోగాన్ని గుంపుకు 20 మంది చొప్పున 40 మందితో చేసి, రెండు గుంపుల్లోనూ నలుగురికి జబ్బు ముదిరిందనుకుందాం. తేడా సున్నా. కానీ అవధి ఇటు 25 పాయింట్లు, అటు 25 పాయింట్లు సాగుతుంది. ముప్పు పూర్తిగా పోయిందన్నా, రెట్టింపు అయిందన్నా ఆ లెక్క కాదనదు. ఇలాంటి ఫలితాన్ని ఏ మాటలతో రాసినా అది సమాచారంగా మారదు. దాన్ని మరో పెద్ద ప్రయోగానికి ఆధారంగా, ఇతర ప్రయోగాలతో కలిపి లెక్క కట్టడానికి ముడిసరుకుగా అందించడం వరకే న్యాయం.

ఇక్కడ ఒక తప్పుదారి ఉంది. ఫలితం వచ్చాక, వచ్చిన తేడానే తీసుకుని ‘దీన్ని పట్టుకునే శక్తి మా ప్రయోగానికి ఇంతే ఉంది’ అని వెనక్కి లెక్క కట్టి చర్చలో రాస్తుంటారు. ఆ లెక్క పి-విలువనే మరో రూపంలో చూపిస్తుంది తప్ప కొత్తగా ఏమీ చెప్పదు. పి-విలువ పెద్దదైతే ఆ శక్తి ఎప్పుడూ తక్కువగానే వస్తుంది. ప్రయోగానికి ముందు కట్టిన లెక్క, తర్వాత వచ్చిన అవధి, ఈ రెండూ పక్కపక్కన ఉంటే చాలు.

సారాంశంలో రెండు వాక్యాలు

ఇంతవరకు చెప్పినదాన్ని సారాంశంలో పెడితే ఎలా ఉంటుందో చూద్దాం. ఓటమిలా రాసిన సారాంశం ఇలా ముగుస్తుంది: ‘ప్రధాన ఫలితంలో గుర్తించదగ్గ తేడా రాలేదు. ప్లాస్మా సామర్థ్యాన్ని నిరూపించలేకపోయాం. మరిన్ని పరిశోధనలు అవసరం.’ ఇందులో చదివినవారికి మిగిలేది ఏమీ లేదు. ఎంత తేడా కోసం వెతికారో, ఎంత తేడా లేదని తేలిందో, ఏ రోగుల గురించి మాట్లాడుతున్నారో, ఇంకా ఏ పరిశోధన కావాలో తెలియదు.

అదే ఫలితాన్ని సమాచారంగా రాస్తే ఇలా ఉంటుంది: ‘జబ్బు తీవ్రం కావడం లేదా మరణం ప్లాస్మా తీసుకున్న 235 మందిలో 44 మందికి, తీసుకోని 229 మందిలో 41 మందికి సంభవించింది, తేడా 0.8 శాతం పాయింట్లు, 95 శాతం అవధి 6.2 పాయింట్ల మేలు నుంచి 7.8 పాయింట్ల కీడు వరకు. ఆసుపత్రిలో చేరిన మధ్యస్థాయి కోవిడ్ రోగుల్లో, యాంటీబాడీలు కొలవకుండా ఇచ్చిన ప్లాస్మా ముప్పును సగానికి తగ్గించదు. అంతకన్నా చిన్న మేలు ఉందో లేదో చెప్పలేం.’ మొదటి వాక్యంలో అంకెలు, రెండో వాక్యంలో హద్దులతో కూడిన తీర్పు. ఆ తీర్పు ఎవరికి వర్తిస్తుందో, ఎంతవరకు వర్తిస్తుందో అందులోనే ఉంది.

ప్లాసిడ్ రచయితల ముగింపు కూడా దాదాపు ఈ తీరులోనే సాగింది. జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ ప్లాస్మాతో తగ్గలేదని ముందుగా సూటిగా చెప్పారు. ప్రయోగశాల సదుపాయాలు అంతగా లేని మామూలు ఆసుపత్రుల్లో ప్లాస్మాను ఎలా వాడుతున్నారో ఈ ప్రయోగం అలాగే చూసిందన్నారు. ఆ తర్వాత, దాతల్లోనూ రోగుల్లోనూ యాంటీబాడీలను ముందే కొలిచి చేసే ప్రయోగం ఇంకా స్పష్టత ఇవ్వగలదన్నారు. ‘మరిన్ని పరిశోధనలు అవసరం’ అన్న మాటకూ ఈ చివరి మాటకూ చాలా తేడా ఉంది. తర్వాతి పరిశోధకుడు ఏది కొలవాలో ఈ మాట చెబుతోంది.

చర్చలో వేయాల్సిన ప్రశ్న

చర్చ మొదటి పేరాలోనే ప్రధాన ఫలితాన్ని మెత్తబరచకుండా చెప్పాలి. దాని తర్వాత వచ్చే ప్రశ్న, తేడా ఎందుకు కనబడలేదన్నది. ఆలోచనే తప్పయి ఉండవచ్చు. ఆలోచన సరైనదే అయినా ప్రయోగంలో అది సరిగ్గా అమలుకాకపోయి ఉండవచ్చు. ఈ రెండింట్లో ఏది జరిగిందో తేల్చడానికి పత్రంలో ఆధారాలు ఉండాలి. ఊహలు పేర్చితే అది సాకుల జాబితా అవుతుంది.

ప్లాసిడ్‌లో అలాంటి ఆధారం ఒకటి దొరికింది. ప్రయోగం మొదలైనప్పుడు వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలను కొలిచే పరీక్ష అందుబాటులో లేదు. అందుకని నమూనాలను నిల్వచేసి, తర్వాత పరీక్షించారు. దాతల ప్లాస్మాను సుమారు 40 రెట్లు పలుచన చేసేదాకానే వైరస్‌ను ఆపగలిగింది. ఇది మధ్యస్థ విలువ. ఇటు రోగులను చూస్తే, ప్రయోగంలో చేరే నాటికే నూటికి 83 మంది ఒంట్లో అలాంటి యాంటీబాడీలున్నాయి. వారి మధ్యస్థ విలువ 90 రెట్లు. అంటే ఇచ్చినవారిలోకన్నా పుచ్చుకున్నవారిలోనే యాంటీబాడీలు ఎక్కువ. ఈ ఒక్క కొలతతో ఫలితం చెప్పే సంగతి మారిపోయింది. అప్పటికే సొంత రక్షణ తయారైన రోగికి బలహీనమైన ప్లాస్మా ఎక్కిస్తే కొత్తగా ఒరిగేదేమీ ఉండకపోవచ్చునన్న వివరణ ముందుకొచ్చింది. యాంటీబాడీలున్న ప్లాస్మా అందిన రోగులను మాత్రమే విడిగా తీసి చూసినా మేలు కనబడలేదని కూడా రచయితలు దాచకుండా రాశారు. తమ వివరణకు అనుకూలమైన కొలతతో పాటు ప్రతికూలమైన దాన్నీ పక్కనే పెట్టడం చర్చకు బలాన్నిస్తుంది.

హద్దులు ఇంత స్పష్టంగా గీయడం వల్ల కలిగిన లాభం తర్వాతి నెలల్లో తెలిసింది. ప్లాసిడ్ తర్వాత రెండు ప్రశ్నలు మిగిలాయి: ప్లాస్మా బలంగా ఉంటే ఫలితం మారుతుందా? ఇంకా ముందుగా ఇస్తే మారుతుందా? బ్రిటన్‌లోని ‘రికవరీ’ ప్రయోగం యాంటీబాడీలు ఎక్కువగా ఉన్న ప్లాస్మాను ఎంచి, ఆసుపత్రిలో చేరిన 11,558 మందిపై పరీక్షించింది. రెండు గుంపుల్లోనూ మరణాలు 24 శాతమే. మరణాల నిష్పత్తి సరిగ్గా 1.00, అవధి 0.93 నుంచి 1.07 వరకు. ఇంత సన్నని అవధి వచ్చాక, ఆసుపత్రిలో చేరినవారికి చెప్పుకోదగ్గ మేలు ఉందన్న వాదనకు చోటు లేదు. మరోవైపు అర్జెంటీనాలో లక్షణాలు మొదలైన 72 గంటల్లోపే బలమైన ప్లాస్మా ఇవ్వడాన్ని 160 మంది వృద్ధులపై పరీక్షించారు. తీవ్రమైన శ్వాస సమస్య ప్లాస్మా గుంపులో 16 శాతానికి, మరో గుంపులో 31 శాతానికి వచ్చింది. మూడింటినీ కలిపి చదివితే, ఒక్క బలం సరిపోదని, ఇచ్చే సమయం కీలకమని అర్థమవుతుంది. ప్లాసిడ్ పత్రం ‘ప్లాస్మా పనిచేయదు’ అని హద్దుల్లేకుండా రాసి ఉంటే అర్జెంటీనా ఫలితం దానికి విరుద్ధంగా కనబడేది. హద్దులతో రాసింది కాబట్టి రెండూ ఒకే అవగాహనలో ఇమిడాయి.

సమాచారానికీ మెరుగు పూతకూ మధ్య గీత

శూన్య ఫలితాన్ని మలచి రాయడంలో అతి పెద్ద ప్రమాదం, మలచడం కాస్తా వక్రీకరణ కావడం. ఇది అరుదైన జబ్బు కాదు. ఇజబెల్ బుత్రోఁ బృందం 2010లో, ప్రధాన ఫలితం శూన్యంగా వచ్చిన 72 ప్రయోగాల పత్రాలను పరిశీలించింది. వాటిలో 58 శాతం పత్రాల సారాంశం ముగింపులోనే, చికిత్స మేలైనదన్న అభిప్రాయం కలిగించే మెరుగు పూత కనబడింది.

ప్లాసిడ్‌లో అలాంటి పూతకు కావలసిన సరుకు ఉంది. ఏడో రోజుకు ప్లాస్మా గుంపులో ఎక్కువ మందికి ఆయాసం, నీరసం తగ్గాయి. వైరస్ పరీక్ష నెగెటివ్ వచ్చినవారూ ఎక్కువే. ‘ప్లాస్మాతో లక్షణాలు త్వరగా తగ్గాయి, వైరస్ త్వరగా పోయింది’ అని సారాంశాన్ని ముగించి ఉంటే ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. మొత్తం వాక్యం మాత్రం తప్పుదారి పట్టించేది. ఎందుకంటే అవి ద్వితీయ ఫలితాలు. ఎన్నో ఫలితాలను కొలిచినప్పుడు కొన్నింట్లో యాదృచ్ఛికంగా తేడా రావడం సహజం. పైగా తనకు ప్లాస్మా ఎక్కిందో లేదో రోగికీ తెలుసు, వైద్యుడికీ తెలుసు. ఆయాసం, నీరసం రోగి చెప్పే మాట మీద ఆధారపడేవి కాబట్టి ఆ తెలివిడి ప్రభావం వాటి మీద పడుతుంది. వైరస్ పరీక్షకు ఆ ఇబ్బంది లేకపోయినా, వైరస్ తగ్గడం వల్ల జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ తగ్గలేదు. అందుకే ఇలాంటివాటిని ప్రధాన ఫలితం తర్వాతే, దాని నీడలోనే చెప్పాలి.

పూతను గుర్తుపట్టడానికి పాఠకుడికి ఒక సులువైన పద్ధతి ఉంది. పద్ధతుల విభాగంలో ‘ప్రధాన ఫలితం’ అని ఏది రాశారో చూసి, సారాంశం చివరి వాక్యం దాని గురించే మాట్లాడుతోందా అని పోల్చుకోవాలి. చివరి వాక్యం మరో ఫలితం మీదికి మళ్లినా, ఒక చిన్న ఉపగుంపు మీదికి మళ్లినా, ‘మేలు వైపు మొగ్గు కనబడింది’ అన్నా అనుమానించాలి. రెండు గుంపులనూ పోల్చకుండా ‘ప్లాస్మా తీసుకున్నవారు మొదటికన్నా మెరుగుపడ్డారు’ అన్నా అనుమానించాలి. ప్లాస్మా తీసుకోనివారిలోనూ ఎక్కువ మంది మెరుగుపడే ఉంటారు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. అవధి వెడల్పుగా ఉన్నా ‘రెండు చికిత్సలూ సమానమే’ అని తేల్చేయడం అది. సమానమని చెప్పాలంటే ఎంత తేడా వరకు సమానంగా లెక్కించాలో ముందే నిర్ణయించుకుని, అవధి మొత్తం ఆ హద్దుల్లో ఇమిడినట్టు చూపాలి. ప్లాసిడ్ అంకెలు అంత మాట అనడానికి చాలవు. రచయితలూ అనలేదు.

కేంద్రం 2021 మే నెలలో ప్లాస్మాను కోవిడ్ చికిత్స మార్గదర్శకాల నుంచి తొలగించింది. అప్పటికి ప్లాసిడ్, రికవరీ ఫలితాలు రెండూ అందరి ముందూ ఉన్నాయి. శూన్య ఫలితం చేతిలో ఉన్న పరిశోధకుడు రాయడానికి కూర్చునే ముందు మూడు అంకెలను ఒకే కాగితం మీద పెట్టుకోవాలి: వెతికిన తేడా, వచ్చిన తేడా, దాని అవధి అంచులు. ఆ మూడూ చెప్పేదే సారాంశం చివరి వాక్యం కావాలి. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ రాయకూడదు, అంతకన్నా ఒక్క మాట తక్కువా రాయకూడదు.